హెచ్‌ఎం గారి టేబుల్ మీది ఉత్తరం

బీఈడీ రెండేళ్ల కోర్సు అయ్యాక ట్రైనీలు మొత్తం 20 వారాలు బడిలో గడపాలి. అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. ఆ రోజుల్లో చాలామందికి ఒక ఆలోచన వస్తుంది. ఎనిమిదో తరగతిలో తీసివేత రాని పిల్లలు కనిపిస్తారు, వాళ్లకు విడిగా చెబుదామనిపిస్తుంది. వెంటనే ఒక కాగితం తీసి, ‘వెనకబడిన విద్యార్థులకు రెమెడియల్ క్లాసులు తీసుకొనుటకు అనుమతి ఇవ్వగలరని ప్రార్థన’ అని రాసి ఇచ్చేస్తారు. హెచ్‌ఎం గారు చదివి, ‘చూద్దాం లేమ్మా’ అంటారు. చాలాసార్లు ఆ కథ అక్కడే ముగుస్తుంది.

ఆయన్ని తప్పుపట్టలేం. ఆ ఒక్క వాక్యంలో ఆయనకు కావలసింది ఒక్కటీ లేదు. ఏ పిల్లలు? ఎవరి పీరియడ్‌లో? సాయంత్రమైతే ఇంటికి చేరేదాకా బాధ్యత ఎవరిది? అసలిది పిల్లల కోసమా, కాలేజీలో చూపించే రికార్డు కోసమా? ఈ చివరి అనుమానాన్ని పైకి అనరు గానీ, ఏటా ట్రైనీలను చూసేవారికి అది రాకుండా ఉండదు. అనుమతి రావాలంటే ఉత్తరం రాయడానికి ముందే కొంత పని జరిగి ఉండాలి.

ఆ పని ఒక చిన్న పరీక్షతో మొదలవుతుంది. బీఈడీ పుస్తకాల్లో దీన్ని లోపనిర్ధారణ పరీక్ష అంటారు. ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి లెక్కలు చెబుతున్న ట్రైనీనే తీసుకుందాం. ఆమె ఎనిమిదో తరగతి పాఠం మీద ప్రశ్నలు ఇవ్వదు. మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో రావలసిన కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాల మీద 15 లెక్కలు ఇస్తుంది. మార్కులు వేసి వదిలేయదు, తప్పు జవాబు ఎలా వచ్చిందో వెతుకుతుంది.

503 లోంచి 267 తీసేయమంటే ఒక అబ్బాయి 364 అని రాశాడు. ఇది నోటికొచ్చిన అంకె కాదు. మూడులోంచి ఏడు పోదు కనుక ఏడులోంచి మూడు తీశాడు. సున్నాలోంచి ఆరు పోదు కనుక ఆరులోంచి సున్నా తీశాడు. ఏ వరుసలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీయడమే అతని పద్ధతి. ఇంకో అమ్మాయి 612ను ఆరుతో భాగించి 12 తెచ్చింది. ఆరు వందలకు ఒకటి వేసింది, తర్వాతి ఒకటిలో ఆరు పోదని సున్నా వేయకుండానే పక్క అంకె దించుకుంది. అందుకే 102 కాస్తా 12 అయింది. మూడో పిల్లాడు వాచక లెక్కలన్నీ ఖాళీగా వదిలేశాడు. ట్రైనీ పక్కన కూర్చుని ప్రశ్న చదివి వినిపిస్తే టకటకా చేశాడు. అతనికి రానిది లెక్క కాదు, చదవడం.

పేపరు మీద ముగ్గురికీ దాదాపు ఒకే మార్కులు. ముగ్గురినీ ఒకే క్లాసులో కూర్చోబెట్టి ఎక్కాలు వల్లె వేయిస్తే ఎవరికీ ఒరిగేదేమీ లేదు. మొదటివాడికి చింతగింజలో, పుల్లల కట్టలో కావాలి. ఒక వందను విప్పితే పది పదులు, అందులో ఒక పదిని విప్పితే పది ఒకట్లు. అంటే 503 అన్నా, నాలుగు వందలు, తొమ్మిది పదులు, పదమూడు ఒకట్లు అన్నా ఒకటేనని చేత్తో చేసి చూడాలి. అప్పుడు 236 దానంతటదే వస్తుంది. అమ్మాయిని మాత్రం ముందు అంచనా అడగాలి: ‘600 రూపాయలు ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి ఎంత?’ వంద అని తనే చెప్పాక 12 అన్న జవాబును తనే అనుమానిస్తుంది. మూడో పిల్లాడి సంగతి తెలుగు టీచరుకు చెప్పాలి. లెక్కల రెమెడియల్ క్లాసు జాబితాలో అతని పేరు ఉండకూడదు.

ఇక సమయం. ఆటల పీరియడ్ అడగడం అన్నిటికంటే సులువు, అన్నిటికంటే చెడ్డ ఎంపిక కూడా. ఆ పీరియడ్ పోగొట్టుకున్న పిల్లలు మొదటి రోజే క్లాసును శిక్షగా చూస్తారు. వేరే సబ్జెక్టు పీరియడ్ తీసుకుంటే అందులోనూ వెనకపడతారు. సాయంత్రం ఆపితే పక్క ఊళ్ల నుంచి బస్సులో వచ్చేవాళ్ల ఇబ్బంది వేరే, పైగా పదో తరగతి స్పెషల్ క్లాసులకు గదులు కావాలి. ప్రార్థనకు ముందు అరగంటో, మధ్యాహ్న భోజనం అయ్యాక మిగిలే సమయమో ఎక్కువ బడుల్లో కుదురుతుంది.

ఇవన్నీ తేల్చుకున్నాక రాసే ఉత్తరం ఇలా ఉంటుంది:

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి,
ద్వారా: గణిత ఉపాధ్యాయులు గారు
విషయం: ఎనిమిదో తరగతిలో 11 మందికి గణితంలో రెమెడియల్ క్లాసులు – అనుమతి గురించి.
ఆర్యా,
నేను మీ పాఠశాలలో బీఈడీ ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. గణితం సార్ అనుమతితో ఎనిమిదో తరగతికి 15 లెక్కల పరీక్ష పెట్టాను. 11 మందికి అప్పు తెచ్చి తీసివేయడంలో గానీ, భాగహారంలో సున్నా వేయడంలో గానీ ఇబ్బంది ఉంది. జాబితా, వారి జవాబు పత్రాలు జతచేశాను.
సోమవారం నుంచి గురువారం వరకు, ప్రార్థనకు ముందు అరగంట చొప్పున అయిదు వారాలు వారికి బోధించడానికి అనుమతి కోరుతున్నాను. ఏ పీరియడ్‌కూ అంతరాయం ఉండదు. తల్లిదండ్రులకు ముందుగా తెలియజేసి, ముందుగా రాగలిగిన పిల్లలనే పిలుస్తాను. హాజరు విడిగా రాసి, వారానికోసారి గణితం సార్‌కు చూపిస్తాను. ఒక తరగతి గది, బోర్డు చాలు.
చివర మళ్లీ పరీక్ష పెట్టి ఫలితం మీకు సమర్పిస్తాను.
ఇట్లు,
మీ విధేయురాలు

‘ద్వారా’ అన్న చిన్న మాట చాలా పని చేస్తుంది. సబ్జెక్టు టీచరును దాటి హెచ్‌ఎం దగ్గరికి వెళ్తే, ‘నేను సరిగా చెప్పడం లేదనా?’ అన్న ప్రశ్న స్టాఫ్‌రూమ్‌లో పుడుతుంది. ఆయన సంతకంతో వెళ్తే ఆ క్లాసు ఆయనది కూడా అవుతుంది. విద్యాహక్కు చట్టం, 2009లోని 24వ సెక్షన్ ప్రతి పిల్లవాడి స్థాయిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించడాన్ని ఉపాధ్యాయుల విధుల్లో చేర్చింది. తెలిసి ఉండటం మంచిదే గానీ, ఆ సెక్షన్ నంబరు ఉత్తరంలో వేయకపోవడమే మేలు. అనుమతి అడిగే కాగితం నోటీసులా కనిపించకూడదు.

హెచ్‌ఎం గారు అన్నీ ఒప్పుకోకపోవచ్చు. ‘ఎనిమిది ఎందుకమ్మా, పదో తరగతి తీసుకో, రిజల్టు అక్కడ కావాలి’ అనవచ్చు. ‘అయిదు వారాలు వద్దు, పరీక్షలు ఉన్నాయి, మూడు చాలు’ అనవచ్చు. మూడు వారాలే దొరికితే భాగహారం పక్కన పెట్టి తీసివేత ఒక్కటే పట్టుకోవాలి. తీసివేత రాకుండా భాగహారం నిలవదు. జవాబు ఏదైనా ఉత్తరం అంచునే రాయించుకుని, ఒక కాపీ తన దగ్గర ఉంచుకోవాలి.

చివరి పరీక్షలో ట్రైనీలు తరచూ పొరపడతారు. క్లాసులో చేయించిన లెక్కలే ఇస్తే అందరికీ మార్కులు వస్తాయి, రికార్డు అందంగా ఉంటుంది. క్లాసులు ముగిసిన వారం తర్వాత, ముందుగా చెప్పకుండా, కూడికలు, గుణకారాల మధ్య 704 లోంచి 258 తీయమని ఇవ్వాలి. 446 రాసినవాడికి పద్ధతి వచ్చినట్టు. 554 రాశాడంటే పాత అలవాటు పోలేదు.

ఇంటర్న్‌షిప్ ముగిసేనాటికి అలాంటి పిల్లలు ఇద్దరో ముగ్గురో మిగులుతారు. వాళ్ల పేర్లు, ఎక్కడ ఆగారో, ఏ సామగ్రితో కాస్త కదిలారో ఒక పేజీలో రాసి గణితం సార్‌కు ఇవ్వాలి. కాలేజీకి పట్టుకెళ్లే రికార్డు కన్నా ముందు రాయాల్సింది ఆ పేజీ. దాని కాపీ ఒకటి హెచ్‌ఎం గారి ఫైల్లో పాత ఉత్తరానికి జతచేస్తే, వచ్చే ఏడాది వచ్చే ట్రైనీ అనుమతి అడగడానికి అంత వెతుక్కోనక్కర్లేదు.