సగం వ్యూస్ ఎన్నాళ్లకు వచ్చాయి?

ఒక వీడియోకు ఏడాదిలో వచ్చిన మొత్తం వ్యూస్‌లో సగం ఎన్ని రోజుల్లో వచ్చాయో, అదే దాని వ్యూస్ అర్ధాయువు. మాట భౌతికశాస్త్రానిది. అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులు, అంటే ఎనిమిది రోజులు గడిచేసరికి దానిలో సగం క్షయమైపోతుంది. వీడియో విషయంలో కరిగిపోయేది జనం ఆసక్తి. లక్ష వ్యూస్ వచ్చిన రెండు వీడియోలు పైకి ఒకేలా కనబడతాయి. ఒకదానికి సగం రెండు రోజుల్లో, మరోదానికి ఆరు నెలల్లో వచ్చి ఉంటే మాత్రం ఆ రెండూ వేరు వేరు పనులు చేస్తున్న వీడియోలు. వచ్చే నెలలో ఏం తీయాలో తేల్చేటప్పుడు ఆ రెంటినీ ఒకే లెక్కలో వేయకూడదు.

2020 వేసవి లాక్‌డౌన్ రోజుల్లో దల్గోనా కాఫీ ఊరూరా పాకింది. కొరియా నుంచి వచ్చిన ఈ కాఫీకి ఇన్‌స్టంట్ పొడి, పంచదార, వేడినీళ్లు సమంగా కలిపి నురగ గట్టిపడేదాకా గిలక్కొట్టి, చల్లటి పాల మీద వేస్తారు. అలాంటి ఊపులో ఒక వంటల చానల్ వీడియో పెట్టిందనుకుందాం. మొదటి రోజు 30 వేలు, రెండో రోజు 20 వేలు వ్యూస్ వచ్చాయి. నెల తిరిగేసరికి రోజుకు వంద కూడా రావడం లేదు. ఏడాదికి మొత్తం లక్ష. సగం రెండు రోజుల్లోనే వచ్చేసింది కాబట్టి అర్ధాయువు 2 రోజులు.

అదే చానల్ ఇడ్లీ పిండి మీద ఇంకో వీడియో పెట్టింది. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ, ఎంతసేపు నానబెట్టాలి, చలికాలంలో పిండి పులవకపోతే గిన్నె ఎక్కడ పెట్టాలి అన్నది అందులో విషయం. మొదటి వారం మొత్తానికీ వచ్చింది 2 వేలే. ఆ తర్వాత రోజుకు 200 చొప్పున నిలకడగా వస్తూ ఏడాదికి 73 వేలు దాటింది. సగం చేరడానికి 181 రోజులు పట్టింది. రెండో ఏడాదిలోనూ అదే వరుస సాగితే, ఆ ఏడాది సగం గడవకముందే మొత్తం లెక్కలో కాఫీ వీడియోను ఇడ్లీ పిండి దాటేస్తుంది. మొదటి వారం అంకెలు చూసి ‘ఇడ్లీ పిండి ఆడలేదు’ అని తీర్మానించుకున్న వాళ్లకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. మంచి వీడియోలు చాలావరకు ఇక్కడే అన్యాయమైపోతాయి.

ఈ తేడా ప్రేక్షకులు వచ్చే దారిలో ఉంది. ట్రెండ్ వీడియో హోమ్ పేజీలోనూ, పక్కన చూపే సిఫార్సుల్లోనూ కనబడి జనాన్ని లాగుతుంది. అందరూ ఒక్కసారిగా చూస్తారు, చూసినవాళ్లకు మళ్లీ చూసే పని ఉండదు. ఇడ్లీ పిండి వీడియోకు వచ్చేవాళ్లు అవసరం పడి వెతుక్కుంటూ వస్తారు. కొత్తగా కాపురం పెట్టిన వాళ్లో, డాలస్ చలిలో పిండి పొంగక తంటాలు పడుతున్న వాళ్లో రోజూ ఎక్కడో ఒకచోట ఉంటారు. అందుకే యూట్యూబ్ స్టూడియోలో వ్యూస్ ఎక్కడి నుంచి వచ్చాయో చూపే చోట YouTube search వాటా ఎంత ఉందో చూస్తే, వీడియో నిలుస్తుందా జారుతుందా అన్నది నెల రోజులకే కొంత అంచనాకు వస్తుంది.

అయోడిన్‌తో పోలిక ఒక చోట ఆగిపోతుంది. అయోడిన్ ప్రతి ఎనిమిది రోజులకూ తప్పకుండా సగమవుతుంది. వ్యూస్ అలా తగ్గవు. 2008లో రైలీ క్రేన్, దిదియే సోర్నెట్ దాదాపు 50 లక్షల యూట్యూబ్ వీడియోల రోజువారీ లెక్కలు పరిశీలించి, ఒక్కసారి ఎగసిన వ్యూస్ మొదట వేగంగా పడి, తర్వాత మరీ నెమ్మదిగా తగ్గుతాయని చూపించారు. పదో రోజుకు పదో వంతుకు పడిన వీడియో, అందులో సగానికి దిగడానికి మరో పది రోజులు తీసుకోవచ్చు. కాబట్టి మొదటి మూడు రోజుల పతనం చూసి వీడియో పని అయిపోయిందనుకోవడం తొందరపాటే.

కొలిచేటప్పుడు మరో జాగ్రత్త కావాలి. ఇంకా వ్యూస్ వస్తున్న వీడియోకు ‘మొత్తం’ అన్నదే తేలదు. నెల కిందటి వీడియో అర్ధాయువు ఎంత లెక్కించినా నెల లోపే వస్తుంది. దాన్ని రెండేళ్ల నాటి వీడియో పక్కన పెడితే పాతది ఊరికే గొప్పగా కనబడుతుంది. అన్నిటికీ ఒకే గడువు పెట్టుకోవాలి. పెట్టిన రోజు నుంచి 90 రోజులో, 365 రోజులో తీసుకుని, రోజువారీ వ్యూస్‌ను ఒకదాని కింద ఒకటి కూడుకుంటూ వెళ్లి, సగం ఏ రోజున దాటిందో చూస్తే చాలు. షార్ట్స్‌ను పెద్ద వీడియోలతో కలపకూడదు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైనా, మళ్లీ తిరిగినా వ్యూగానే లెక్కిస్తున్నారు కాబట్టి దాని అంకె అర్థమే వేరు.

ఇక ఏవి ఎన్ని తీయాలన్న ప్రశ్న. దీనికి ‘సగం సగం’ లాంటి సూత్రం పనికిరాదు. వీడియో తీయడానికి పట్టే కాలాన్ని, ఆ విషయం బతికే కాలంతో పోల్చి చూడాలి. ఒక విషయం మీద ఆసక్తి మూడు రోజులకోసారి సగమవుతోందనుకుంటే, ఆరు రోజులు ఆలస్యంగా వచ్చిన వీడియోకు మిగిలేది పావు వంతే. ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో మాత్రమే షూట్ చేసేవాళ్లకు సోమవారం పుట్టిన ట్రెండ్ అందదు. ఒక్క సాయంత్రంలో తీసి, ఆ రాత్రే ఎడిట్ చేసి పెట్టగలిగితేనే దాని జోలికి వెళ్లాలి. వారాంతపు శ్రమ ఇడ్లీ పిండి లాంటి వాటికి పోవాలి. అలాంటివి 20 తీస్తే అన్నీ నిలవవు. ఎనిమిది నిలిచినా, రోజుకు 200 చొప్పున నెలకు 48 వేల వ్యూస్ కొత్త వీడియో పెట్టకపోయినా వస్తాయి. జ్వరమొచ్చి నెలరోజులు మంచం పట్టినా చానల్ ఆగదు. అలాగని ట్రెండ్‌ను వదిలేయనక్కర్లేదు. కొత్తవాళ్లను ఒక్కసారిగా తెచ్చేది అదే. కాకపోతే దాని పక్కనే నిలిచే వీడియో ఉండాలి. దల్గోనా చూసి వచ్చినవాళ్లకు చివర్లో ఫిల్టర్ కాఫీ డికాక్షన్ వీడియో చూపిస్తే కొందరు ఆగుతారు. సినిమా ట్రైలర్ మీద వీడియో చూసి వంటల చానల్‌కు సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లు మాత్రం ఇడ్లీ పిండి కనబడితే దాటిపోతారు.

ఈ రెండు రకాల్లోనూ ఇమడనివి ఉన్నాయి. ఆవకాయ వీడియో మామిడికాయల కాలంలో ఎగసి, వానలు పడగానే చచ్చుబడి, మళ్లీ ఏప్రిల్‌లో లేస్తుంది. జూన్‌లో దాని వ్యూస్ పడిపోవడం చూసి దిగులుపడనక్కర్లేదు, కిందటేడు అదే నెలతో పోల్చాలి. కాయలు మార్కెట్లోకి వచ్చాక కాకుండా మార్చిలోనే పెడితే, వెతుకులాట మొదలయ్యే వేళకు వీడియో సిద్ధంగా ఉంటుంది.

ఎన్నాళ్లయినా నిలుస్తుందనుకున్నది రాత్రికి రాత్రే పాతబడిపోవడం మరో రకం. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి పోర్టల్ మొదలయ్యాక, అందులో భూమి వివరాలు ఎలా చూసుకోవాలో చెప్పే వీడియోలకు రైతుల అవసరమే దన్ను. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. పాత స్క్రీన్ చూపే వీడియోను వెతికి తెరిచిన రైతుకు తన ముందున్న పేజీలో ఆ బటన్లు కనబడవు. వెతికేవాళ్లు కొన్నాళ్లు అదే పేరుతో వస్తూనే ఉంటారు కాబట్టి వ్యూస్ వెంటనే పడవు. ముందుగా తగ్గేది ఒక్కొక్కరు చూసే సేపు, దాంతోపాటే ‘ఇది ఇప్పుడు లేదు’ అన్న కామెంట్లు మొదలవుతాయి. ఆ సూచన కనబడిన వారంలోనే కొత్త పోర్టల్ మీద వీడియో తీసి, పాత వీడియో వివరణలో మొదటి వరుసలో దాని లింకు పెడితే, వెతుక్కుంటూ వచ్చిన రైతు వట్టి చేతులతో వెళ్లడు.