అంగడిలో చొక్కాకు పరీక్ష

జూన్ నెల వచ్చిందంటే బట్టల కొట్లలో బడిపిల్లల సందడే. దుకాణదారు రెండు తెల్ల చొక్కాలు మీ ముందు పరిచి, "రెండూ మంచి గుడ్డే బాబూ, ఏదైనా తీసుకో" అంటాడు. చూడబోతే రెండూ ఒకేలా ఉన్నాయి. ధరలో మాత్రం కొద్ది తేడా. ఏది ఎన్నుకోవాలి? దీనికి ప్రయోగశాల అక్కరలేదు. గుమ్మం దగ్గరి వెలుగు, మీ వేళ్లు, జేబులో ఒక స్కేలు ఉంటే చాలు.

మొదట వెలుగు సంగతి చూద్దాం. చొక్కా వీపు భాగాన్ని ఒక్క పొరగా పట్టుకుని వెలుతురుకు అడ్డంగా పెట్టండి. నేతగుడ్డలో నిలువుగా పడుగు పోగులూ, అడ్డంగా పేక పోగులూ ఒకదాని పైనా కిందా దూరుతూ ఉంటాయి కదా! వాటి మధ్య మిగిలిన ఖాళీల గుండానే వెలుగు ఎక్కువగా ఇవతలికి వస్తుంది. ఆ వెలుగు అంతటా సమంగా ఉంటే నేత సమంగా ఉన్నట్టు. ఒకచోట మబ్బు కమ్మినట్టు, పక్కనే పలచగా కనిపిస్తే నూలు మందంలోనో, పోగుల ఎడంలోనో తేడా ఉందన్నమాట. పలచబడ్డ చోటే గుడ్డ ముందుగా చిరుగుతుంది. వాయిల్ వంటి గుడ్డ పుట్టుకతోనే పలచన. దాన్ని తప్పుపట్టకూడదు. ముదురు రంగు వెలుగును పీల్చుకుంటుంది కనుక నీలం గుడ్డ ఉన్నదానికన్నా దట్టంగా కనిపిస్తుంది. అందుచేత తెలుపును తెలుపుతోనే పోల్చండి.

ఇక్కడ ఒక చిన్న మోసానికి చోటుంది. పోగుల మధ్య ఖాళీలను గంజి పూడ్చవచ్చు. అందుకని చొక్కా అంచును రెండు వేళ్ల మధ్య కాసేపు నలిపి, మళ్లీ వెలుగుకు పెట్టి చూడండి. వేళ్లకు తెల్లటి పొడి అంటి, నలిపిన చోట వెలుగు ఎక్కువైతే ఆ బిగువు గుడ్డది కాదు, గంజిది. మొదటి ఉతుకులోనే అది నీళ్లపాలవుతుంది.

ఇక సాగదీసి చూద్దాం. పడుగు వెంట లాగితే గుడ్డ దాదాపు సాగదు. పేక వెంట కొంచెం సాగవచ్చు. మూలకు, అంటే ఏటవాలుగా లాగితే బాగా సాగుతుంది. అక్కడ పోగులు పొడవు పెరగడం లేదు. పడుగూ పేకా కలిసి ఏర్పరచిన చిన్న చతురస్రాలు వాలిపోయి రాంబస్‌లు అవుతున్నాయి, అంతే. మెల్లగా లాగి వదిలితే అవి మళ్లీ సర్దుకోవాలి. ముడతపడి అలాగే ఉండిపోతే నేత వదులుగా ఉందని అనుమానించాలి.

ఆటల బనియను సంగతి వేరు. అది నేసింది కాదు, దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా అల్లింది. అడ్డంగా 10 సెంటీమీటర్ల మేర వేళ్లతో పట్టుకుని, 13 వచ్చేదాకా లాగి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. తిరిగి 10కి చేరితే మంచిదే. 11 దగ్గరే ఆగిపోతే కొన్నాళ్లకు మెడా మోచేతులూ జోలెలా వేలాడతాయి.

నా ఉద్దేశంలో అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది కుట్టు. చొక్కాను తిరగేసి చంక కింద చూడండి. చేయి ఎత్తినప్పుడల్లా లాగుడంతా పడేది అక్కడే. స్కేలు ఆనించి ఒక అంగుళంలో ఎన్ని కుట్లున్నాయో లెక్కించండి. మన రెండు చొక్కాల్లో మొదటిదానికి 11, రెండోదానికి 7 వచ్చాయనుకుందాం. ఒకే లాగుడును 11 కుట్లు పంచుకోవడానికీ, 7 పంచుకోవడానికీ తేడా లేదా? రెండోదానిలో ఒక్కొక్క కుట్టు మీద ఒకటిన్నర రెట్లకు పైగా భారం పడుతుంది. అలాగని అంగుళానికి 20 కుట్లు వేస్తే ఇంకా గట్టిదనుకోకండి. సూది రంధ్రాలు దగ్గరై, తపాలా బిళ్లల మధ్య చిల్లుల వరసలాగా గుడ్డ అక్కడే చిరగవచ్చు.

ఇప్పుడు కుట్టుకు రెండు వైపులా పట్టుకుని కొద్దిగా ఎడంగా లాగుతూ వెలుగుకు పెట్టండి. కుట్టుదారం నిచ్చెన మెట్లలా బయటపడితే కుట్టు వదులు. దారం గట్టిగానే ఉండి, దాని పక్కన గుడ్డ పోగులు జరిగి సందులు ఏర్పడితే లోపం నేతలో ఉంది. లోపల కుట్టు దాటి మిగిలిన గుడ్డ సుమారు ఒక సెంటీమీటరైనా ఉండాలి. అంతకన్నా తక్కువైతే పోగులు ఊడి కుట్టులోంచి జారిపోతాయి, దర్జీ కూడా ఏమీ చేయలేడు. మన రెండో చొక్కాకు అక్కడ మిగిలింది అర సెంటీమీటరే అయితే, ధర తక్కువైనా మొదటిదే తీసుకోండి.

గుడ్డ కుంచించుకుపోతుందా, రంగు దిగుతుందా అన్నది మాత్రం ఈ పరీక్షలకు అందదు. కొన్నాక వీపు పొడవు కొలిచి రాసి పెట్టుకోండి. ఉతికి ఆరేశాక మళ్లీ కొలవండి. 70 సెంటీమీటర్లది 68కి వస్తే దాదాపు 3 శాతం తగ్గినట్టు. అదే రకం గుడ్డతో మరో చొక్కా కొనేటప్పుడు ఆ మేరకు వదులు చూసుకోవచ్చు.