మూడు వారాల్లో ముసలితనం రాదు

“డాక్టర్ గారూ, నమస్కారం. నాన్నగారికి ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. నడుస్తుంటే తూలుతున్నారు. డెబ్బై ఆరేళ్లు వచ్చాయి కదా, వయసు వల్లే అనుకుంటున్నాం. బలానికీ, జ్ఞాపకశక్తికీ ఏమైనా మందు రాసి పంపగలరు.”

ఊళ్లో ప్రాక్టీసు చేసే ఏ డాక్టర్ ఫోన్ చూసినా ఇలాంటి సందేశం ఒకటి ఉంటుంది. రాసింది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకనీ, తండ్రి తెనాలిలో ఉంటున్న రిటైర్డ్ లెక్కల మాస్టారనీ అనుకుందాం. కొడుకు రాసినదాంట్లో అబద్ధమేమీ లేదు. కాకపోతే రోగం పేరు కూడా తనే తేల్చేశాడు, వయసని. అనుభవమున్న డాక్టర్ ఆ ముక్క పక్కన పెట్టి మిగిలిన రెండు సంగతులు పట్టుకుంటాడు. మతి, నడక ఒకేసారి చెడ్డాయి. ఆ రెండూ కలిసి కొత్తగా వచ్చాయంటే మందు రాసి ఊరుకునే వ్యవహారం కాదు.

అందుకే ఆయన వెంటనే ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న ఇలా ఉంటుంది: “సంక్రాంతికి మీరంతా వచ్చినప్పుడు ఎలా ఉన్నారు బాబూ?” మన ఇళ్లలో తేదీ గుర్తుండకపోయినా పండగ గుర్తుంటుంది. “మామూలుగానే ఉన్నారండీ. రోజూ పేపర్లో పదకేళి పూర్తిచేసేవారు. మా అబ్బాయికి లెక్కలు కూడా చెప్పారు” అన్నాడు కొడుకు. అయితే ఇది ఏళ్ల తరబడి మెల్లగా వచ్చే మతిమరుపు కాదు. అల్జీమర్స్‌లాంటి జబ్బులో ఏ నెలలో మొదలైందో ఇంట్లోవాళ్లు చెప్పలేరు. చెప్పగలుగుతున్నారంటే అసలు కారణం వేరే ఉందని అర్థం. “అమ్మగారిని కూర్చోబెట్టి అడిగి, అన్నీ వివరంగా రాసి ఈ గంటలోనే పంపు. ఈ నెలరోజుల్లో ఎక్కడైనా పడ్డారా, తలకి ఏమైనా తగిలిందా, అది తప్పకుండా అడుగు” అన్నారు డాక్టర్.

రెండో సందేశం ఇలా వచ్చింది.

“శివరాత్రి దాకా బాగానే ఉన్నారట. ఆ తర్వాత ఒకరోజు భోంచేసి లేచిన గంటకే ‘ఇంకా వడ్డించలేదేం’ అని అమ్మనడిగారు. ఇప్పటికి మూడు వారాలైంది. ఒక పూట బాగుంటారు, ఇంకో పూట నన్ను బాబాయి పేరుతో పిలుస్తున్నారు. పగలు కూడా నిద్రపోతున్నారు. పొద్దున లేవగానే తలనొప్పి అంటున్నారు. ఎడమకాలి చెప్పు ఊడిపోయినా తెలియకుండా నడిచి వెళ్లిపోతున్నారు. గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం కొట్టుకుంటోంది. జ్వరం లేదు. షుగర్ 142 ఉంది. గుండెకి స్టెంట్ వేసినప్పటి నుంచి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. కొత్త మందులేం లేవు. పడలేదు కానీ, రథసప్తమినాడు పెరట్లో వంగి లేస్తుంటే కిటికీ రెక్క తలకి తగిలిందట. బొప్పి కడితే అమ్మ పసుపు అద్దింది. రెండ్రోజుల్లో తగ్గిపోయిందని మాకెవరికీ చెప్పలేదు.”

ఇది చదివాక డాక్టర్‌కు పెద్దగా సందేహం మిగలదు. రథసప్తమికీ శివరాత్రికీ మధ్య సరిగ్గా మూడు వారాల ఎడం. వృద్ధుల్లో తలకి చిన్న దెబ్బ తగిలిన తర్వాత మెదడు మీద రక్తం నెమ్మదిగా చేరి, లక్షణాలు బయటపడటానికి సాధారణంగా పట్టే కాలమూ అంతే. కొన్ని వారాలు. దీన్ని వైద్యులు క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. డ్యూరా అంటే మెదడు మీద కప్పి ఉండే గట్టి పొర. రక్తం చేరేది ఆ పొర కింద, మెదడు పైన.

కిటికీ రెక్క తగిలితే యువకుడికి బొప్పితో పోయేది. పెద్దాయనకు అలా పోకపోవడానికి కారణం ఉంది. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోతుంది, పుర్రె మాత్రం అలాగే ఉంటుంది. దాంతో మెదడుకీ పై పొరకీ మధ్య ఖాళీ పెరిగి, ఆ ఖాళీ దాటి వెళ్లే సన్నని సిరలు సాగి బిగుసుకుని ఉంటాయి. తల ఒక్కసారి అదిరితే వాటిలో ఒకటి చిట్లవచ్చు. సిర కాబట్టి రక్తం చిమ్మదు, ఊరుతుంది. అందుకే ఆ రోజు ఏమీ తెలియదు. శరీరం ఆ రక్తం చుట్టూ ఒక పలచని పొర అల్లుతుంది. ఆ పొరలో పుట్టే కొత్త రక్తనాళాలు మరీ పెళుసు. అవి మళ్లీ మళ్లీ కారుతూ మడుగును పెంచుతాయి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడేవారిలోనూ, మద్యం అలవాటున్నవారిలోనూ ఈ ముప్పు ఎక్కువ.

మడుగు కుడివైపుంటే శరీరంలో ఎడమభాగం బలహీనపడుతుంది. చెప్పు ఊడిపోవడం, ఒకే భుజం గుమ్మానికి కొట్టుకోవడం ఇంట్లోవాళ్లకు చిన్న విషయాలు. డాక్టర్‌కు మాత్రం ఆ సందేశం మొత్తంలో విలువైన వాక్యాలు అవే. “తూలుతున్నారు” అంటే పది కారణాలుంటాయి. ఎడమకాలు ఈడుస్తున్నారంటే కారణం మెదడు కుడివైపునో, వెన్నుపాములోనో ఉందని తెలిసిపోతుంది. ఇక ఒక పూట బాగుండి ఒక పూట బాగుండకపోవడం ఈ జబ్బులో ఉన్న పెద్ద మోసం. డాక్టర్ దగ్గరికి బయల్దేరిన రోజున పెద్దాయన చక్కగా మాట్లాడితే “తగ్గింది కదా” అని ఆటో దిగిపోయే కుటుంబాలున్నాయి.

మతి చెదిరిన తీరును ఇంట్లోనే కొంత గమనించవచ్చు. వారాల పేర్లు శనివారం నుంచి వెనక్కి చెప్పమనండి. ఈ మాస్టారులాంటి మనిషి శనివారం, శుక్రవారం అని, బుధవారం దగ్గర ఆగి, మీరేమడిగారో మర్చిపోతే అది జ్ఞాపకశక్తి లోపం కాదు, ధ్యాస నిలవకపోవడం. కొత్తగా ధ్యాస చెదిరిందంటే దాని వెనక శరీరంలోనో, మందుల్లోనో, మెదడులోనో వెతికి పట్టుకోవలసిన కారణం ఉంటుంది.

నిజానికి ఆ కారణం ప్రతిసారీ రక్తపు మడుగే కాదు. మతీ నడకా కలిసి చెడటానికి మన దగ్గర తరచుగా కనిపించే మరో కారణం రక్తంలో సోడియం పడిపోవడం. మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాల్సింది 125 కిందికి జారితే మనిషి తికమకపడతాడు, తూలతాడు. బీపీ మాత్రల్లో మూత్రాన్ని ఎక్కువ చేసే మందు కలిపినవి కొన్ని ఉంటాయి. పేరు చివర ‘హెచ్’ అని ఉన్నవాటిలో చాలామటుకు అదే. అలాంటి మాత్ర మొదలెట్టిన రోజుల్లో ఈ మార్పు వస్తే ముందు అనుమానించాల్సింది సోడియాన్నే. అప్పుడు తూలడం రెండువైపులా సమానంగా ఉంటుంది తప్ప ఒక చెప్పే ఊడిపోదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, షుగర్ పడిపోవడం, నిద్రమాత్రలు, జలుబు మాత్రలు కూడా ఈ పని చేయగలవు. అందుకే డాక్టర్ రక్తపరీక్షలూ రాశారు. ఆ ఫలితాల కోసం స్కాన్ మాత్రం ఆపలేదు.

తలకి సీటీ స్కాన్ నిమిషాల పని, ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. కొత్త రక్తం అందులో తెల్లగా, పాత రక్తం నల్లగా, పుర్రె లోపలి అంచున నెలవంకలా కనిపిస్తుంది. మధ్యలో, దెబ్బ తగిలిన ఒకటి రెండు వారాల నుంచి కొన్నాళ్లపాటు, ఆ రక్తం రంగు మెదడు రంగుతో కలిసిపోతుంది. ఒకవైపే ఉంటే మెదడు పక్కకి జరగడం చూసి పట్టుకుంటారు. రెండువైపులా సమానంగా ఉంటే ఆ జరుగుబాటు కూడా ఉండదు, తొందర్లో చూస్తే నార్మల్ అనిపించే ప్రమాదముంది. స్కాన్ కాగితం మీద “తల నొప్పి” అని మాత్రమే రాయకుండా “ఆరు వారాల కిందట దెబ్బ, ఎడమవైపు బలహీనత” అని రాయించుకోవడం అందుకే మేలు. ఏం వెతకాలో తెలిస్తే కన్ను వెతుకుతుంది.

మాస్టారి స్కాన్‌లో కుడివైపు నెలవంక కనిపించింది. గుంటూరులో న్యూరోసర్జన్ దగ్గరికి పంపారు. చాలామందికి చేసేది పెద్ద ఆపరేషన్ కాదు. పుర్రెకు ఒకటో రెండో చిన్న రంధ్రాలు చేస్తారు. వాడేసిన ఇంజనాయిల్ రంగులో ఉండే పాతరక్తం బయటికి వస్తుంది. సెలైన్‌తో కడిగి, సన్నని గొట్టం ఒకటి రెండు రోజులు ఉంచుతారు. గొట్టం ఎందుకంటే, 2009లో లాన్సెట్‌లో వచ్చిన కేంబ్రిడ్జ్ అధ్యయనంలో అది ఉంచినవారిలో నూటికి 9 మందికే రక్తం మళ్లీ చేరి ఇంకో ఆపరేషన్ కావాల్సివచ్చింది, ఉంచనివారిలో 24 మందికి. ఆపరేషన్ లేకుండా స్టెరాయిడ్ మాత్రలతో కరిగించవచ్చన్న ఆశ ఒకప్పుడుండేది. 2020లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో స్టెరాయిడ్ వాడినవారు ఆరు నెలలకు వాడనివారికంటే వెనకబడ్డారు. మడుగు చిన్నదై లక్షణాలు లేకపోతే స్కాన్‌లు తీస్తూ ఆగి చూడటమూ వైద్యమే.

చాలామందికి కాలూ మాటా కొద్దిరోజుల్లోనే తేరుకుంటాయి. అందరికీ కాదు. ముందే మతిమరుపు ఉన్నవారికీ, స్పృహ తప్పేదాకా ఆలస్యం చేసినవారికీ పూర్తిగా తేరుకోవడం కష్టం. మళ్లీ రక్తం చేరితే అది ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే, కాబట్టి అన్నాళ్లూ నడకను గమనిస్తూనే ఉండాలి.

ఆస్పిరిన్ గురించి ఒక మాట. ఇదంతా చదివి ఎవరూ తమంతట తాము దాన్ని ఆపకూడదు. స్టెంట్ ఉన్నవారు ఉన్నట్టుండి ఆపితే గుండెపోటు రావచ్చు. ఎన్నాళ్లు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలి అన్నది గుండె డాక్టరూ న్యూరోసర్జనూ మాట్లాడుకుని తేల్చాలి.

సందేశం రాసే వ్యవధి లేని సందర్భాలూ ఉన్నాయి. మార్పు నిమిషాల్లో వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. రక్తపుగడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువు నాలుగున్నర గంటలే. లేపినా లేవకుండా మగతగా ఉన్నా, వాంతులవుతున్నా, ఫిట్స్ వచ్చినా అంతే. అప్పుడు ఫ్యామిలీ డాక్టర్ జవాబు కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు మందుల పెట్టె ఉన్నది ఉన్నట్టుగా, ఆపేసిన మాత్రల షీట్లతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి. తలకి తగిలిన దెబ్బ ఎంత చిన్నదైనా, రెండు నెలల కిందటిదైనా, అడగకపోయినా డాక్టర్‌కు చెప్పండి.