మంచం జరిపితే స్విచ్ అందాలి

గృహప్రవేశం అయి పది రోజులైనా కాదు, కొత్త మంచం దిగుతుంది. నలుగురు పట్టుకుని గదిలోకి తెచ్చి, దక్షిణం గోడకు ఆనించి చూస్తే, హెడ్‌బోర్డు సరిగ్గా స్విచ్ బోర్డును కప్పేస్తుంది. మంచాన్ని ఒక అడుగు ఇటు జరిపితే బీరువా తలుపు తెరుచుకోదు. తూర్పు గోడకు మారిస్తే అటువైపు ఒక్క ప్లగ్ కూడా లేదు. చివరికి మంచం ఎక్కడ పట్టిందో అక్కడే ఉండిపోతుంది, దాని కింద నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ పాకుతుంది. తెలుగు నేల మీద కట్టిన కొత్త ఇళ్లలో చాలావాటికి ఇదే కథ. గది ఇంటివాళ్లదే అయినా, అందులో ఏ సామాను ఎక్కడ ఉండాలో మాత్రం గోడలో పెట్టిన నాలుగు పెట్టెలు తేల్చేశాయి.

ఎలక్ట్రీషియన్‌ది తప్పనడానికి లేదు. గోడలకు గాడి కొట్టే రోజున ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "బోర్డు ఎక్కడ పెట్టమంటారు?" ఇంటివాళ్లు ఖాళీ ఇటుక గోడలను చూస్తూ "ఎక్కడైతే బాగుంటుందో అక్కడ పెట్టండి" అంటారు. పైపు ఎక్కడ దగ్గరైతే, పని ఎక్కడ తేలికైతే బోర్డు అక్కడికి వెళుతుంది. ఆ ప్రశ్నకు ముందే జవాబు సిద్ధం చేసుకోవడం ఎలాగో తెలియాలంటే, ఒక పడకగదిని కొలతలతో సహా చూడటం మంచిది.

గది తూర్పు పడమరలుగా 12 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 11 అడుగులు అనుకుందాం. కిటికీ ఉత్తరం గోడకు ఉంది. తలుపు పడమర గోడకు, ఉత్తరం మూల దగ్గర ఉంది. అదే పడమర గోడకు, తలుపు పోగా మిగిలిన చోట, రెండడుగుల లోతున వార్డ్‌రోబ్ రాబోతోంది. మంచం 6 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు.

ముందు తేలాల్సింది తలవైపు. ఉత్తరం దిక్కున తల పెట్టి పడుకోవడం మన ఇళ్లలో చాలామందికి ఇష్టం ఉండదు. దక్షిణానికో తూర్పుకో తల పెడతారు. అంటే ఈ గదిలో మంచం నిలవగల గోడలు రెండే. నాలుగు గోడలకూ బోర్డులు పెట్టించే పని లేదు, ఈ రెండింటినీ సిద్ధం చేసుకుంటే చాలు.

దక్షిణం గోడ పొడవు 12 అడుగులైనా, వార్డ్‌రోబ్ రెండడుగులు తినేస్తే మిగిలేది పది. మంచం ఆ పదడుగుల మధ్యలో నిలుస్తుంది, అటూ ఇటూ రెండేసి అడుగులు మిగులుతాయి. తూర్పు గోడకు తిప్పితే మంచం గోడ మధ్యలో, రెండు పక్కలా రెండున్నర అడుగులతో ఉంటుంది. కాళ్లవైపు వార్డ్‌రోబ్ దాకా మూడున్నర అడుగుల దారి దొరుకుతుంది. రెండు అమరికలూ కుదురుతున్నాయి.

ఇప్పుడు బోర్డులు. మంచం మధ్య గీత నుంచి కొలవడం ఇక్కడ కీలకం. మంచం సగం వెడల్పు మూడడుగులు కాబట్టి, మధ్య నుంచి నాలుగడుగుల దూరంలో పెట్టిన బోర్డు హెడ్‌బోర్డు చాటుకు పోదు, పడుకున్న మనిషి చేయి చాస్తే అందుతుంది. ఈ లెక్కన గోడకు రెండేసి చొప్పున నాలుగు బోర్డులు కావాలి. కానీ ఆగ్నేయ మూలను ఒకసారి జాగ్రత్తగా చూస్తే ఒక బోర్డు తగ్గుతుంది. తూర్పు గోడ మీద, ఆ మూల నుంచి అడుగున్నర దూరంలో పెట్టిన బోర్డు, మంచం తూర్పు గోడకు ఉన్నప్పుడు దాని పక్కనే ఉంటుంది. మంచం దక్షిణం గోడకు మారినా అదే బోర్డు, ఈసారి పక్క గోడ మీద, దిండుకు సమానంగా, మంచం అంచుకు రెండడుగుల్లోనే ఉంటుంది. మంచం ఎటు తిరిగినా ఆ మూలలో ఒక చిన్న టేబుల్, దాని పైన ఆ బోర్డు. మిగిలినవి రెండు: దక్షిణం గోడ మీద వార్డ్‌రోబ్‌కు అడుగు దూరంలో ఒకటి, తూర్పు గోడ మీద ఉత్తరం మూలకు అడుగున్నర దూరంలో ఒకటి. మూడు బోర్డులతో మంచానికి రెండు చోట్లు.

ఈ ఆగ్నేయ మూల బోర్డే గదికి ప్రాణం. ట్యూబ్‌లైటుకు టూ-వే స్విచ్‌లు ఒకటి తలుపు దగ్గర, మరొకటి ఇక్కడ పెట్టిస్తే, మంచం ఎక్కడున్నా పడుకున్నాక లేచి వెళ్లి లైటు ఆర్పే పని ఉండదు. ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా ఇక్కడే ఉండాలి. తెల్లవారుజామున చలేసి ఫ్యాన్ తగ్గించాలనుకునే మనిషి మంచం మీదే ఉంటాడు కదా. రిమోట్‌తో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్ వేసుకునేవాళ్లకు రెగ్యులేటర్ అక్కర్లేదు, మామూలు స్విచ్ చాలు.

తలుపు దగ్గరి బోర్డుకు వేరే చిక్కు ఉంది. అది గొళ్లెం వైపు ఉండాలి, లేకపోతే తలుపు తెరిచినప్పుడు రెక్క చాటుకు పోతుంది. ఈ గదిలో గొళ్లెం వైపే వార్డ్‌రోబ్ వస్తోంది. కాబట్టి తలుపు చట్రానికీ వార్డ్‌రోబ్‌కూ మధ్య కనీసం ఒక అడుగు వదలమని కార్పెంటర్‌కు ముందే చెప్పాలి. ఈ అడుగు వదలడం మరిచిపోయిన ఇళ్లలో స్విచ్ వేయడానికి వార్డ్‌రోబ్ పక్క చెక్కకు రంధ్రం కోయాల్సి వస్తుంది.

ఎత్తు దగ్గర జరిగే పొరపాటు చాలా చిన్నది, దిద్దుకోవడం మాత్రం కష్టం. మంచం పక్క టేబుల్ సుమారు 20 నుంచి 22 అంగుళాల ఎత్తుంటుంది. బోర్డు మధ్యభాగం నేలకు 28 అంగుళాల ఎత్తున ఉంటే టేబుల్ మీద పెట్టిన నీళ్ల గ్లాసు అడ్డురాకుండా ప్లగ్ పెట్టుకోవచ్చు. అయితే ఏ నేలకు? గాడి కొట్టే రోజున కింద ఉన్నది ఉత్త స్లాబు. దాని మీద సిమెంటు, టైల్స్ కలిపి రెండు మూడు అంగుళాలు లేస్తాయి. స్లాబు నుంచి కొలిచి పెట్టిన బోర్డు ఆ మేరకు కిందికి దిగిపోయి టేబుల్ అంచుకు చేరుతుంది. అందుకే టైల్స్ పైభాగం ఎక్కడికి వస్తుందో మేస్త్రీ చేత గోడల చుట్టూ లెవెల్ గీత గీయించి, అన్ని బోర్డులనూ ఆ గీత నుంచే కొలవాలి.

హాల్లో సంగతి కొంచెం మారుతుంది. అక్కడ కదిలేవి సోఫా, నిలువు దీపం. మన దగ్గర ప్లగ్ పక్కనే దాని స్విచ్ ఉండటం ఆనవాయితీ. సోఫా ఆ బోర్డుకు అడ్డం వచ్చిందంటే దీపం వెలిగించడానికి సోఫా వెనక చేయి దూర్చాలి. దీపం కొన్న నెలకే చాలామంది దాన్ని వాడటం మానేయడానికి కారణం ఇదే. దీనికి మందు ప్లగ్‌ను, స్విచ్‌ను విడదీయడం. సోఫా రాగల గోడకు రెండు చివర్లా, నేలకు అడుగు ఎత్తున ఒక్కో ప్లగ్ పెట్టించి, వాటి స్విచ్‌లు మాత్రం గుమ్మం దగ్గరి బోర్డులో పెట్టిస్తే, దీపం ఏ మూలకు మారినా ఇంట్లో అడుగుపెడుతూనే వెలిగించవచ్చు.

అమెరికాలో కాపురం పెట్టిన తెలుగువాళ్లకు ఈ పద్ధతి పరిచయమే. అక్కడ చాలా హాళ్లలో, పడకగదుల్లో సీలింగ్ లైటే ఉండదు. గుమ్మం దగ్గర స్విచ్ వేస్తే గోడ కింద ఉన్న ఒక ప్లగ్‌కు కరెంటు వస్తుంది, దానికి తగిలించిన దీపం వెలుగుతుంది. గోడ పొడవునా ఏ చోటు నుంచైనా ఆరడుగుల్లోపు ప్లగ్ ఉండాలన్నది అక్కడి వైరింగ్ నియమం. దీపం వైరు ఎక్స్‌టెన్షన్ లేకుండా ప్లగ్‌ను చేరాలన్నది దాని ఉద్దేశం. బ్రిటన్‌లో ఇంకో ఉపాయం ఉంది. మన మూడు గుండు కాళ్ల ప్లగ్ అక్కడి 1934 నాటి ప్రమాణం నుంచే వచ్చింది. 1947 తర్వాత ఆ దేశం పలక కాళ్ల ప్లగ్‌కు మారింది గానీ, చిన్న గుండు కాళ్ల సాకెట్లను దీపాల కోసం ఉంచుకుంది. గుమ్మం స్విచ్‌తో వెలిగే ప్లగ్‌లో ఎవరూ పొరపాటున వేరే యంత్రం తగిలించకుండా అది కాపలా.

డిమ్మర్ విషయంలో ఈ కాపలా మరీ అవసరం. మామూలు ప్లగ్‌కు డిమ్మర్ కలపకూడదు. దీపం తీసేసి ఎవరో ఒకరు అందులో ఛార్జరో టేబుల్ ఫ్యానో పెడతారు, తగ్గించిన కరెంటుకు అవి పాడవుతాయి, వేడెక్కుతాయి కూడా. కాబట్టి డిమ్మర్ గోడకో సీలింగ్‌కో బిగించిన దీపాలకే ఉండాలి. కదిలే దీపానికి వెలుగు తగ్గించుకోవాలంటే డిమ్మర్ దాని వైరు మీదే ఉన్న రకం కొనుక్కోవాలి.

ఇక డిమ్మర్ ఉండాల్సిన చోటు గుమ్మం కాదు. గదిలోకి వచ్చే మనిషికి కావలసింది వెలుగు, అందుకు మామూలు స్విచ్ సరిపోతుంది. వెలుగు తగ్గించుకోవాలనిపించేది కూర్చున్నాక, టీవీ పెట్టుకున్నాక, పిల్లవాడు నిద్రకు పడ్డాక. అందుకని సోఫా పక్కన, మంచం పక్కన డిమ్మర్, గుమ్మం దగ్గర టూ-వే స్విచ్ పెట్టించాలి. టూ-వేతో కలిసే డిమ్మర్ కావాలని షాపులో అడిగి మరీ తీసుకోవాలి. ఒకే దీపానికి రెండు చోట్లా మామూలు డిమ్మర్లు పెడితే ఒకదాన్ని ఒకటి చెడగొట్టుకుంటాయి.

డిమ్మర్‌తో వచ్చే మరో గొడవ ఎల్‌ఈడీ బల్బులది. పాతకాలపు డిమ్మర్లు ఫిలమెంట్ బల్బుల కోసం చేసినవి, వందల వాట్ల బరువుకు తగినవి. వాటికి మూడు తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీలు తగిలిస్తే మొత్తం 27 వాట్లే. అంత తక్కువ భారానికి డిమ్మర్ సరిగ్గా పనిచేయక వెలుగు వణుకుతుంది, లేదా ఆపేసినా బల్బు మినుకుమినుకుమంటుంది. బల్బు అట్టపెట్టె మీద డిమ్మబుల్ అని ఉండాలి, డిమ్మర్ మీద ఎల్‌ఈడీకి పనికొస్తుందని ఉండాలి. రెండూ ఉన్నా, ఒక డిమ్మర్, ఒక బల్బు కొని చీకటి గదిలో బాగా తగ్గించి చూసి, ఆ తర్వాతే మిగతావి కొనడం మేలు. ఫోన్ కెమెరాలో నల్లటి చారలు కదులుతున్నాయంటే వెలుగు వణుకుతున్నట్టు అనుమానించవచ్చు. చెవి దగ్గర పెట్టి వింటే సన్నటి ఝుమ్మనే శబ్దం కూడా పట్టుబడుతుంది.

ఇవన్నీ నిర్ణయించుకోవడానికి దొరికే సమయం తక్కువ. ఇటుక గోడలు లేచాక, ప్లాస్టరింగ్‌కు ముందు ఒక్క పూట చాలు. పాత న్యూస్‌పేపర్లను మంచం కొలతకు, సోఫా కొలతకు అతికించి నేల మీద పరవండి. రెండో చోటికి కూడా జరిపి చూడండి. పేపరు పక్కన కూర్చుని చేయి చాచి, అది ఆనిన చోట గోడ మీద సుద్దతో గుర్తు పెట్టండి. పైపులు, పెట్టెలు బిగించాక గోడకు టేపు ఆనించి పట్టుకుని ప్రతి గోడనూ ఫొటో తీసుకుని దాచుకోండి. రేపు ఫొటో ఫ్రేముకు మేకు కొట్టేటప్పుడు వైరు ఎక్కడుందో, ఎప్పుడైనా ఇంకో ప్లగ్ కావాలంటే పైపు ఎటు వెళుతోందో ఆ ఫొటోలే చెబుతాయి.