వలస దాంపత్యంలో నిలదీత–మౌనం: చికిత్సా రూపకల్పన

1980లలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ రూపొందించిన భావోద్వేగ కేంద్రిత చికిత్స, కలహానికి మూలాన్ని దంపతుల్లో ఏ ఒక్కరిలోనో కాక వారి మధ్య తిరిగే వలయంలో వెదుకుతుంది. నల్లగొండ నుండి అమెరికా వెళ్లిన ఒక ఊహాత్మక జంటను ఉదాహరణగా తీసుకోవచ్చు. భర్తది హెచ్-1బి వీసా. స్వస్థలంలో అధ్యాపకురాలిగా పనిచేసిన భార్యది హెచ్-4. 2015 నాటి నిబంధన ప్రకారం, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ నిర్ణీత దశకు చేరితే తప్ప ఆమెకు ఉద్యోగానుమతి రాదు.

రోజంతా ఒంటరిగా గడిపిన ఆమె, "నా గోస మీకు పట్టదా?" అని నిలదీస్తుంది. అతడు మౌనంగా లాప్‌టాప్ తెరుస్తాడు. ఆ మౌనం ఆమెకు నిరాదరణగానూ, ఆ నిలదీత అతనికి తన అసమర్థతపై తీర్పుగానూ తోస్తాయి. మౌనం పెరిగినకొద్దీ నిలదీత, నిలదీత పెరిగినకొద్దీ మౌనం పెరుగుతాయి.

తొలి దశలో చికిత్సకులు ఇద్దరి నమ్మకాన్నీ పొంది, ఈ వలయాన్ని గుర్తిస్తారు. కోపం మాటున ఉన్న ఒంటరితనాన్ని, మౌనం మాటున ఉన్న భయాన్ని వెలికితీసి, వలయాన్నే ఉమ్మడి సమస్యగా వారి ముందుంచుతారు. మలిదశలో ముందుగా భర్త తన భయాన్ని పలకాలి. ఆ తరువాతే భార్య నిందను వీడి తన అవసరాన్ని నేరుగా అడగగలుగుతుంది. చివరి దశ ఈ కొత్త తీరును స్థిరపరుస్తుంది.

భర్త మౌనానికి బదులు ప్రతిదానికీ "సరే" అంటున్నాడంటే మార్పు పైపైదే. వీసా ఆంక్షను చికిత్స తొలగించలేదు. హింస కొనసాగుతున్న ఇంట ఈ పద్ధతి తగదు. అక్కడ భద్రతే ముందు.