ఉన్నట్టుండి సిక్ లీవ్: మేనేజరుకు పంపే కబురులో ఏముండాలి?

తెల్లవారుజామున జ్వరం తగిలి ఆఫీసుకు వెళ్లలేని ఉద్యోగి మేనేజరుకు పంపే కబురులో రెండు విషయాలు ఉండాలి. ఒకటి, ఈరోజు రాలేకపోవడం. రెండోది, ఈరోజే తీరాల్సిన పనులు ఎవరి చేతిలో ఉన్నాయన్నది. మొదటిది అందరూ రాస్తారు. రెండోదాన్ని చాలామంది ‘అర్జెంటు పనులు మావాళ్లు చూసుకుంటారు’ అనే ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఆ వాక్యం చదివిన మేనేజరుకు ఏమీ తెలియదు. ఏ పని, ఎవరు, ఎన్నింటిలోగా అని ఒక్కొక్కరినీ పిలిచి అడగాల్సి వస్తుంది.

నెలలో 20వ తేదీన ఒక అకౌంటెంటు ఇలా పడకేస్తే ఏమవుతుందో చూస్తే సంగతి బాగా తెలుస్తుంది. విజయవాడలో మోటార్లు, పైపులు అమ్మే ఒక హోల్‌సేల్ సంస్థ ఉందనుకుందాం. యజమాని ఒక్కరే, ఆయన కింద మేనేజరు, ముగ్గురు నలుగురు సిబ్బంది. నెలనెలా రిటర్న్ వేసే సంస్థ కాబట్టి జీఎస్టీఆర్-3బి దాఖలుకు 20వ తేదీ ఆఖరు రోజు. దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము పడుతుంది. నగదుగా కట్టాల్సిన పన్నుపై ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ అదనం. అదే రోజు మధ్యాహ్నం గుంటూరుకు మోటార్ల లోడు వెళ్లాలి. సరుకు విలువ 50 వేల రూపాయలు దాటింది గనుక ఈ-వే బిల్లు లేనిదే లారీ కదలకూడదు. ఒక సప్లయరుకు డబ్బు పంపాల్సిన రోజు కూడా అదే.

పొద్దున్నే అకౌంటెంటు చేయాల్సిన మొదటి పని, ఆగే పనులను ఆగనివాటి నుంచి వేరుచేయడం. బ్యాంకు స్టేట్‌మెంటు సరిచూడటం, పాత బిల్లులు ఫైలులో పెట్టడం రేపు చేసినా నష్టం లేదు. వాటిని కబురులో ఎక్కిస్తే అసలువి మరుగున పడతాయి. ఈ ఉదాహరణలో సాయంత్రంలోగా తీరాల్సినవి మూడే.

తర్వాత ఆ పనులు చేయగల సహోద్యోగులకు ఫోన్ చేయాలి. మేనేజరుకు కబురు వెళ్లేది ఆ తర్వాతే. ఈ వరుస తప్పితేనే చిక్కు. పక్క సీటులో కూర్చునే మనిషి చేస్తారులే అనుకుని ఆమె పేరు రాసేస్తే, ఆమె కూడా ఆరోజు సెలవులో ఉండొచ్చు, లేదా ఆ పని ఆమెకు రాకపోవచ్చు. పని చేయాల్సిన మనిషి తానుగా ‘సరే, నేను చేస్తాను’ అంటేనే ఆ పని అప్పగించినట్టు. వాట్సాప్ గ్రూపులో రాసి పడేసినదాన్ని అప్పగింత అనలేం. లేచి కూర్చోలేనంత నీరసంగా ఉంటే మాత్రం ముందు మేనేజరుకే ‘జ్వరం, రాలేను, పనుల సంగతి అరగంటలో చెబుతాను’ అని రెండు ముక్కలు పంపాలి. అప్పుడు ఆయన వెంటనే తన ఏర్పాట్లు మొదలుపెట్టగలుగుతారు.

ఒప్పుకున్న మనిషికి ఆ పని చేసే వీలుందా అన్నది చాలామంది మరిచిపోయే ప్రశ్న. జీఎస్టీఆర్-3బినే తీసుకుంటే, పోర్టల్‌లో లెక్కలు నింపడం ఒక మెట్టు మాత్రమే. క్రెడిట్ పోగా మిగిలిన పన్నుకు చలాన్ కట్టాలి, దానికి బ్యాంకు లాగిన్ కావాలి. చివర్లో దాఖలు చేసేటప్పుడు ఓటీపీ వస్తుంది. అది సంతకం చేసే అధికారం ఉన్నవారి ఫోన్‌కే వెళ్తుంది, ఇక్కడ మేనేజరు ఫోన్‌కు. అంటే పని తీసుకున్న మనిషి ఎంత నేర్పరి అయినా, చలాన్ కట్టేవారూ ఓటీపీ చెప్పేవారూ అందుబాటులో లేకపోతే రిటర్న్ మధ్యలోనే ఆగుతుంది. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ అయితే ఓటీపీతో కుదరదు, డిజిటల్ సంతకం కావాలి. అప్పుడు ఆ టోకెన్ ఎవరి బీరువాలో ఉందో కూడా రాయాల్సిందే. ఈ-వే బిల్లుదీ ఇలాంటి సంగతే. లారీ నంబరు లేకుండా అది పూర్తి కాదు. లారీ వచ్చాక గానీ నంబరు తెలియదు కాబట్టి, దాన్ని గోడౌన్ దగ్గరుండే మనిషికి అప్పగించాలి.

ఇవన్నీ చూసుకున్నాక కబురు ఇలా ఉండొచ్చు. పేర్లు ఉదాహరణకే.

‘సార్, నమస్తే. రాత్రి నుంచి 102 జ్వరం. ఈరోజు సిక్ లీవ్ కావాలి. ఈరోజే అవ్వాల్సినవి మూడున్నాయి.
1. జీఎస్టీఆర్-3బి: లెక్క నిన్ననే పూర్తయింది, షీటు అకౌంట్స్ ఫోల్డర్‌లో ఉంది. సునీత గారితో మాట్లాడాను, 3 గంటలలోగా ఫైల్ చేస్తానన్నారు. చలాన్ ఆమె తయారుచేసి పంపుతారు, మీ లాగిన్ నుంచి 1 లోగా కట్టండి. 2 నుంచి 3 మధ్య ఓటీపీ మీ ఫోన్‌కు వస్తుంది.
2. గుంటూరు లోడు: ఈ-వే బిల్లు రఫీ తీస్తానన్నాడు. అతను గోడౌన్‌లోనే ఉన్నాడు, లాగిన్ కూడా ఉంది.
3. సప్లయరు పేమెంటు: ఎవరికీ అప్పగించలేదు. బిల్లులో రెండు మోటార్ల తేడా ఉంది, నేనే తేల్చాలి. రేపటిదాకా ఆపవచ్చా, తేడా పట్టుకుని మిగతాది పంపిస్తారా, మీరు చెప్పండి.
11 నుంచి 12 మధ్య ఫోన్ తీస్తాను. రేపటి సంగతి సాయంత్రం 6 లోగా చెబుతాను.’

ఇందులో అన్నిటికన్నా విలువైనది మూడో అంశం. మూడూ సర్దుకున్నాయని రాయడం తేలిక. కానీ తీరని పనిని తీరనట్టే చెప్పి, దానికి కారణమూ, ఉన్న దారులూ ముందుంచితే మేనేజరు పొద్దున్నే ఒక నిర్ణయం తీసుకోగలుగుతారు. అదే సంగతి సాయంత్రం సప్లయరు ఫోన్ చేసినప్పుడు తెలిస్తే అప్పటికి ఆయన చేతిలో ఏమీ ఉండదు.

జబ్బు గురించి ఒక్క వాక్యం చాలు. వాంతులు ఎన్నయ్యాయో, ఏ మాత్రలు వేసుకున్నారో రాయనక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో దుకాణాలు, వాణిజ్య సంస్థలకు వర్తించే 1988 నాటి చట్టం ఏడాదికి 12 రోజుల వరకు వేతనంతో కూడిన అనారోగ్య సెలవు ఇస్తోంది. కాబట్టి బతిమాలే ధోరణి కూడా అవసరం లేదు. డాక్టరు సర్టిఫికెట్ అడిగే సంస్థ అయితే తర్వాత ఇస్తానని ఒక మాట చేర్చాలి.

పాస్‌వర్డులు ఈ కబురులో ఎప్పుడూ రాయకూడదు. బ్యాంకు లాగిన్ మరొకరికి చెప్పడం అంతకన్నా ప్రమాదం. తేడా వస్తే డబ్బు పంపిందెవరో తేల్చడం కష్టమవుతుంది. అందుకే పై కబురులో చలాన్ కట్టే పని సునీతకు కాకుండా, సొంత లాగిన్ ఉన్న మేనేజరుకే వెళ్లింది.

కబురు పంపాక దాన్నే సునీతకూ రఫీకీ కూడా పంపాలి. తమ పేరుకు ఎదురుగా ఏ గడువు రాసి ఉందో వాళ్లకు తెలియాలి, పొరపాటుంటే వెంటనే దిద్దాలి. పని పూర్తయిందనడానికి ఆధారం కూడా ముందే అనుకోవాలి. రిటర్న్ దాఖలైతే పోర్టల్ ఏఆర్‌ఎన్ అనే నంబరు ఇస్తుంది, ఈ-వే బిల్లుకు 12 అంకెల నంబరు ఉంటుంది. వీటిని చేసినవారే నేరుగా మేనేజరుకు పంపితే, జ్వరంతో పడుకున్న మనిషిని నిద్రలేపి అడగాల్సిన పని ఉండదు. 3 దాటినా ఏఆర్‌ఎన్ రాకపోతే ఎక్కడో ఆగిందని మేనేజరుకు తెలుస్తుంది, సరిచేయడానికి ఇంకా సాయంత్రం మిగిలే ఉంటుంది.