కుట్టడం వచ్చు, చెప్పడమే భయం

కోనసీమలోని ఒక పల్లెలో మిషను కుట్టే ఆవిడ ఒకరున్నారు. ఆవిడ కుట్టిన జాకెట్టు మెడకి చుట్టుపక్కల ఊళ్ళలో పేరుంది. సన్నటి పైపింగ్ ఒంటికి అతుక్కున్నట్టు కూర్చుంటుంది, ఎక్కడా లేచి నిలబడదు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆవిడ ఇంటికి వచ్చే గుడ్డల సంచులు మంచం కింద కూడా పట్టవు. "ఆ పైపింగ్ ఎలా వేస్తావో ఫోన్లో తీసి పెట్టమ్మా, అందరూ నేర్చుకుంటారు" అని పట్నంలో ఉన్న కూతురు అడిగింది. సరేనని కూర్చున్నారు. ఫోను ఆన్ కాగానే ఆవిడ చెయ్యి ఆవిడ మాట వినలేదు. క్రాస్ పట్టీని తిరగేసి పెట్టి కుట్టేశారు. పట్టీని మడిచాక గుడ్డ వెనకవైపు పైకి కనిపిస్తే గానీ ఆ సంగతి తెలియలేదు. గొంతు ఎండిపోయి, చెప్పాలనుకున్న మాటలు సగంలోనే ఆగిపోయాయి. తన పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ఇన్నేళ్ళుగా చేస్తున్న పని ఒక్క ఫోను ముందు ఎందుకు చెడింది? ధైర్యం లేక అనుకుంటాం. అసలు కారణం వేరే ఉంది. బాగా అలవాటైన పనిని చెయ్యి తనంతట తానే చేసుకుపోతుంది, మనసు దాని వెంట నడవదు. ఎవరో చూస్తున్నారనుకోగానే మనసు ఒక్కసారిగా చేతి మీదికి దిగుతుంది. పట్టీ ఎటు పెట్టాను, సూది ఎక్కడ దిగింది, వేలు ఎక్కడుంది అని ఒక్కొక్కటీ చూడబోతుంది. అప్పటిదాకా సాఫీగా సాగిన పని ముక్కలు ముక్కలైపోతుంది.

దీన్ని పరీక్షించి చూసినవాళ్ళున్నారు. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త సియాన్ బైలాక్, ఆమె సహచరులు 2002లో ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. బంతిని కాలితో నెట్టుకుంటూ అడ్డంకుల మధ్య నుంచి వెళ్ళాలి. వెళ్తున్నప్పుడు బంతికి పాదంలో ఏ పక్క తగులుతోందో గమనిస్తూ ఉండాలి. చేయి తిరిగిన ఆటగాళ్ళు అలా గమనించేసరికి వాళ్ళ వేగం తగ్గింది. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళకు మాత్రం అలా గమనించడం పనికొచ్చింది. మన టైలరమ్మ కథ అచ్చం ఇదే. ఒక్కో అడుగూ విడదీసి చూపిస్తే నేర్చుకునేవాళ్ళకు మేలు. అలా విడదీయబోతే నేర్పేవాళ్ళ చెయ్యి తడబడుతుంది. కుట్టే పనినీ చెప్పే పనినీ ఒకే సమయంలో నెత్తిన వేసుకోవడమే ఆవిడ చేసిన పొరపాటు.

ఆవిడ రెండు పనులనూ విడగొట్టారు. ముందు మాట్లాడకుండా కుట్టడం, ఆ వీడియో చూస్తూ తర్వాత గొంతు కలపడం. వీడియోలో మొహం అక్కర్లేదని కూడా తేల్చుకున్నారు. పైపింగ్ నేర్చుకునే పిల్లకు కావలసింది రెండు చేతులూ, సూదీ, గుడ్డా కనపడడమే. మొహం తెర మీద ఉండదనగానే సగం భయం అక్కడే తీరిపోయింది.

తర్వాత ఫోను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. మొదట ఎదురుగా కిటికీలో పెట్టారు. ఎదుట నుంచి తీస్తే ఆవిడ కుడిచెయ్యి చూసేవాళ్ళకు ఎడమ పక్కన కనిపిస్తుంది, గుడ్డ సూది కిందికి వెళ్ళాల్సింది పోయి చూసేవాళ్ళ మీదికి వస్తున్నట్టుంటుంది. నేర్చుకునే పిల్ల దాన్ని మనసులో తిప్పుకుని చూడాలి. అందుకని ఫోనును ఆవిడ భుజం పక్కనుంచి, కొంచెం ఎత్తులో, కిందికి చూసేట్టు కట్టారు. ఇప్పుడు తెర మీద కనిపించే చేతులు చూసేవాళ్ళ సొంత చేతుల్లాగే ఉంటాయి. లెన్స్ ఆవిడ కంటికి ఎదురుగా లేకపోవడం ఇంకో లాభం. ఎరుపు జాకెట్టు ముక్క మీద ఎర్ర దారంతో కుట్టడం ఆవిడకు అలవాటు, అదే మంచి పనితనం కూడా. నేర్పేటప్పుడు మాత్రం ఆ పనితనం అడ్డొస్తుంది, కుట్టు కనపడదు. పూలూ చుక్కలూ లేని ముదురు రంగు నూలు గుడ్డ తీసుకుని, పట్టీకి వేరే రంగు పెట్టి, తెల్లదారం ఎక్కించారు.

ఇక అసలు పని. మెడ గుండ్రంగా ఉంటుంది. గుడ్డను నిలువు పోగు వెంట గానీ అడ్డు పోగు వెంట గానీ లాగితే పెద్దగా సాగదు. ఏటవాలుగా, అంటే 45 డిగ్రీల కోణంలో లాగితే సాగుతుంది. అందుకే పైపింగ్ పట్టీని క్రాస్‌లో కత్తిరిస్తారు. నిలువుగా కత్తిరించిన పట్టీ మెడ ఒంపు తిరగలేక ముడతలు పడుతుంది. కోణం కొలవడానికి పరికరమేమీ అక్కర్లేదు. గుడ్డ మూల పట్టుకుని, నిలువు అంచు అడ్డం అంచు మీదికి వచ్చేలా మడిస్తే ఒక త్రికోణం వస్తుంది. ఆ మడతే 45 డిగ్రీల గీత. దానికి సమాంతరంగా అంగుళంపావు వెడల్పున చాక్‌తో గీతలు గీసి కత్తిరించుకుంటే పట్టీలు వస్తాయి.

పట్టీని జాకెట్టు మెడ మీద, మంచివైపూ మంచివైపూ ఎదురెదురుగా ఉండేలా, అంచుకి అంచు ఆనించి పెట్టాలి. అంచు నుంచి పావు అంగుళం లోపలికి కుట్టాలి. ఒంపు దగ్గర మార్జిన్‌కు అర అంగుళానికొక గాటు పెట్టాలి. కత్తెర మొన కుట్టు దాకా వెళ్ళకూడదు. గాట్లు లేకపోతే మడిచినప్పుడు లోపలి గుడ్డ బిగుసుకుని మెడ గుండ్రం చెడుతుంది. ఆ తర్వాత పట్టీని అంచు మీదుగా లోపలికి తిప్పి, సన్నగా చుట్టి, పట్టీ పక్కనే ఉన్న సందులో రెండో కుట్టు వేయాలి. ఆ కుట్టు సందులో దాగిపోవాలి. పట్టీ మీదికెక్కితే పైకి కనిపిస్తుంది.

ఇదంతా ఆవిడ మాట్లాడకుండా కుట్టి చూపించారు, చెయ్యి ఎక్కడా తడబడలేదు. ఆ రాత్రి గొంతు కలపడానికి కూర్చున్నప్పుడు పని నేర్చుకోవడానికి వచ్చే పక్కింటి పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఒంపు దగ్గరికి వచ్చేసరికి "ఇక్కడ పట్టీని కొంచెం లాగి పట్టుకోవాలి" అన్నారు.

"కొంచెం అంటే ఎంత పిన్నీ?" అంది ఆ పిల్ల.

ఆవిడ దగ్గర జవాబు లేదు. ఎంత లాగాలో చేతికి తెలుసు, మనిషికి తెలియదు. వీడియో మొత్తంలో అన్నిటికంటే విలువైన చోటు అదే. లాగడం ఎందుకో ముందు చూద్దాం. మెడ అంచు నుంచి పావు అంగుళం లోపల కుట్టు పడుతుంది. పట్టీ తిరిగి కూర్చునే మడత మాత్రం అంచు దగ్గరే ఉంటుంది. మెడ ఒంపులో అంచు చుట్టుకొలత కుట్టు చుట్టుకొలత కంటే తక్కువ. పట్టీని వదులుగా పెట్టి కుడితే మడత దగ్గర గుడ్డ మిగిలిపోయి పైపింగ్ ఒంటికి అంటకుండా లేచి నిలబడుతుంది. కాస్త లాగి కుడితే వెనక్కి ముడుచుకుని అంచును హత్తుకుంటుంది. మరీ లాగితే మెడంతా కుచ్చులు పడుతుంది.

మర్నాడు ఆవిడ లెక్క కట్టారు. మెడ ఒంపులో పది అంగుళాల మేర టేపు పెట్టి గుర్తు పెట్టుకున్నారు. పట్టీ మీద కూడా సాగదీయకుండా అంగుళం అంగుళానికీ చాక్‌తో చుక్కలు పెట్టారు. ఎప్పటిలాగే, లెక్క గురించి ఆలోచించకుండా కుట్టారు. తర్వాత చుక్కలు లెక్కపెడితే ఆ పది అంగుళాల ఒంపుకి పట్టీ తొమ్మిది ముప్పావు అంగుళాలే పట్టింది. తేడా పావు అంగుళం. అదీ ఆవిడ చేతిలోని "కొంచెం". ఈ లెక్క ఆ నూలు గుడ్డకే, ఆ ఒంపుకే సరిపోతుంది. పట్టు జారుతుంది, జార్జెట్ ఇంకా ఎక్కువ సాగుతుంది, వాటికి వేరే ముక్క మీద ఇలాగే చూసుకోవాలి. అయినా చుక్కలు పెట్టి చూసుకునే పద్ధతి ఏ గుడ్డకైనా ఒకటే. వీడియోలో ఆ చుక్కల ముక్కనే దగ్గర నుంచి చూపించారు. వదులుగా కుట్టినదీ, మరీ లాగి కుట్టినదీ పక్క పక్కనే పెట్టారు. చూసేవాళ్ళు తమ తప్పు ఏ రకమో పోల్చుకోవడానికి ఆ మూడు ముక్కలు చాలు.

గొంతు దగ్గర ఇంకో ఇబ్బంది వచ్చింది. రికార్డు చేసిన తన మాట విని "ఇది నా గొంతే కాదు, ఇంత పీలగా ఉందేమిటి" అని ఆవిడ ఆపేయబోయారు. ఇది అందరికీ జరిగేదే. మనం మాట్లాడుతున్నప్పుడు మన గొంతు గాలిలోంచి ఒకసారి, పుర్రె ఎముకల గుండా ఒకసారి చెవికి చేరుతుంది. ఎముకల దారిలో వచ్చే ధ్వని గొంతుకు బరువునిస్తుంది. రికార్డులో ఆ దారి ఉండదు. ఎదుటివాళ్ళు ఎప్పుడూ విన్నది రికార్డులో ఉన్న గొంతునే, వాళ్ళకు అందులో కొత్తేమీ లేదు. ఈ సంగతి తెలిశాక, పక్కనున్న పిల్లకు చెబుతున్నట్టే, తన యాసలోనే చెప్పుకుపోయారు.

మిగిలింది నలుగురి భయం. కుట్టు ఒక చోట వంకర పోయిందనీ, ఊరంతా అదే చూస్తుందనీ బెంగ. 2000లో అమెరికాలో థామస్ గిలోవిచ్ బృందం ఈ బెంగను కొలిచింది. విద్యార్థుల చేత, నలుగురిలో వేసుకోవడానికి సిగ్గుపడే గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు వేయించి, ఒక గదిలోకి పంపారు. గదిలోవాళ్ళలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని వాళ్ళు అనుకున్నారు. నిజానికి గమనించింది పావు వంతు మందే. మన లోపం మనకు కనిపించినంత పెద్దగా ఎదుటివాళ్ళకు కనిపించదు. ఆవిడ ఆ వంకర కుట్టును తీసేయలేదు. దాన్ని ఎలా విప్పి మళ్ళీ వేయాలో అక్కడే చెప్పారు.

భయం పూర్తిగా పోయిందా అంటే, లేదు. ఫోను ఆన్ చేసినప్పుడు ఇప్పటికీ చేతులు చల్లబడతాయని ఆవిడే అంటున్నారు. పని మాత్రం చెడడం లేదు. మీ ఇంట్లోనో, వీధిలోనో బాగా మిషను కుట్టేవాళ్ళుంటే "భయపడకు" అని చెప్పి ఊరుకోకండి. ఫోను భుజం పక్కన పట్టుకోండి, మాట్లాడకుండా కుట్టనివ్వండి. ఆ తర్వాత పక్కన కూర్చుని, "కొంచెం" అన్న ప్రతిచోటా "ఎంత?" అని అడగండి.